తుఫాను ఏళ్ళు తీసేస్తే లెక్క బాగుంటుంది: ట్రాక్టర్ లోన్ల ఈసీఎల్‌ని ఆడిటర్ ఎలా పట్టుకోవాలి

పర్లాకిమిడి నుంచి గుణుపూర్ మీదుగా రాయగడ దాకా వెళ్తే రోడ్డు పక్కన ఫైనాన్స్ కంపెనీల బోర్డులు చాలానే కనిపిస్తాయి, ఒడియాలో ఒకటి, కింద తెలుగులో ఒకటి. ఎక్కువగా ట్రాక్టర్లు, చిన్న గూడ్స్ బళ్ళ మీద ఇచ్చే లోన్లే. తీసుకునేవాళ్ళలో తెలుగు రైతులూ ఉంటారు, ఒడియా, సవర రైతులూ ఉంటారు, కిస్తీ మాత్రం అందరికీ పంట చేతికొచ్చాకే. ఇలాంటి లోన్లున్న ఒక కంపెనీని ఊహించుకుందాం. ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ స్టాండర్డ్స్ వర్తించే సైజు కంపెనీయే, ఈ ప్రాంతంలో దాని లోన్లు 200 కోట్లు, ఇక్కడ చెప్పే అంకెలన్నీ ఈ ఊహా కంపెనీవే. దాని మార్చి 2025 క్లోజింగ్‌లో, లోన్లు మునిగితే పోయేదానికని 6 కోట్ల 24 లక్షల ప్రొవిజన్ పెట్టారు. అది సరిపోతుందా లేదా అని ఆడిటర్ ఎలా తేలుస్తాడు అన్నదే ఇక్కడ విషయం.

ముందు ఆ 6.24 ఎలా వచ్చిందో చూద్దాం. ఈసీఎల్ అంటే రాబోయే నష్టాన్ని ఇప్పుడే అంచనా వేసి పక్కన పెట్టడం. లోన్లని మూడు స్టేజీలుగా విడగొడతారు. బాగా నడుస్తున్నవి స్టేజ్ 1, రిస్క్ బాగా పెరిగినవి స్టేజ్ 2, మునిగినవి స్టేజ్ 3. ఇండ్ ఏఎస్ 109 ప్రకారం కిస్తీ 30 రోజులు దాటి బకాయి పడితే రిస్క్ పెరిగిందనే అనుకోవాలి, 90 దాటితే డిఫాల్ట్ అనుకోవాలి, కాదనాలంటే గట్టి ఆధారం చూపించాలి. స్టేజ్ 1కి వచ్చే పన్నెండు నెలల్లో డిఫాల్ట్ అయ్యే అవకాశాన్ని మాత్రమే తీసుకుంటారు, స్టేజ్ 2కి లోన్ మొత్తం కాలానికీ తీసుకుంటారు. ఈ డిఫాల్ట్ అవకాశాన్నే పీడీ అంటారు. మునిగితే రూపాయికి ఎన్ని పైసలు పోతాయన్నది ఎల్‌జీడీ. ఈ కంపెనీకి స్టేజ్ 1లో 160 కోట్లు, పీడీ 2 శాతం. స్టేజ్ 2లో 28 కోట్లు, పీడీ 20 శాతం. స్టేజ్ 3లో 12 కోట్లు, అవి ఎలాగూ మునిగినవే కాబట్టి పీడీ వంద. ఎల్‌జీడీ అన్నిటికీ 30 శాతం. గుణించి కలిపితే 96 లక్షలు, 1 కోటి 68 లక్షలు, 3 కోట్ల 60 లక్షలు, మొత్తం 6.24 కోట్లు.

గుణకారంలో తప్పేం లేదు. అసలు ఈసీఎల్ ఆడిట్‌లో గుణకారం తప్పు దొరకడం చాలా అరుదు, ఎక్సెల్‌లో ఫార్ములాలు చెక్ చేసి "టైడ్ అవుట్" అని టిక్ పెట్టేసి అదే ఆడిట్ అనుకుంటే ఎలా, కథంతా ఆ 30 ఎక్కడినుంచి వచ్చిందన్న దగ్గరే ఉంటుంది కదా.

పోయిన ఏడాది ఎల్‌జీడీ 38. ఈ ఏడాది 30 అయ్యింది. ఎందుకని అడిగితే మేనేజ్‌మెంట్ చెప్పిన కారణం వినడానికి బాగానే ఉంటుంది. పాత ఏడేళ్ళ డేటా ఉంది, ఏ ఏడాది డిఫాల్టయిన లోన్లలో ఎంత శాతం పోయిందో ఏడాదివారీగా ఉంది: 2016-17లో 29, తర్వాత 31, 2018-19లో 57, తర్వాత 31, 2020-21లో 40, 2021-22లో 49, 2022-23లో 29. ఈ ఏడిటి సగటు 38. పోయిన ఏడాది ఇదే వాడారు. ఈసారి మూడు ఏళ్ళు "అసాధారణం" అని పక్కన పెట్టారు, 57, 40, 49 ఉన్నవి. మిగిలిన నాలుగింటి సగటు సరిగ్గా 30.

ఆ మూడు ఏళ్ళేంటో ఈ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం పోయారు, పొలాలు, తోటలు అన్నీ పోయాయి. 2020-21 కోవిడ్. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటి లోపలికి వచ్చి ఈ కొండ ప్రాంతాన్నంతా ముంచింది. కోవిడ్‌ని అసాధారణం అంటే కనీసం వాదించొచ్చు. తుఫానుని అసాధారణం అనడం మాత్రం పర్లాకిమిడిలో ఎవరి ముందైనా అని చూడండి. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖ దగ్గర, తర్వాత తిత్లీ, తర్వాత గులాబ్. తొమ్మిదేళ్ళలో నాలుగు పెద్దవి, అన్నీ సెప్టెంబర్ ఆఖరికీ అక్టోబర్ మధ్యకీ వరి కంకి మీద ఉండగా వచ్చినవే. నాలుగూ ఒకే చోట కొట్టలేదు నిజమే, కానీ ఈ ప్రాంతంలో ట్రాక్టర్ లోన్ ఇచ్చేవాడికి తుఫాను వ్యాపారంలో భాగమే గానీ బయట నుంచి ఊడిపడిన విపత్తు కాదు.

ఇక్కడ మేనేజ్‌మెంట్ తెలివైన సమాధానమే చెప్తుంది. "తుఫాను రిస్క్‌ని మేం వదిలెయ్యలేదు సార్, డౌన్‌సైడ్ సినారియోలో పెట్టాం, బేస్‌లోనూ పెడితే రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది." ఇది ఉత్తి మాట కాదు. స్టాండర్డ్ అడిగేది ఒక్క అంకె కాదు, మామూలుగా ఉంటే బేస్, బాగుంటే అప్‌సైడ్, చెడితే డౌన్‌సైడ్, ఇలా రకరకాల పరిస్థితులు ఊహించి వాటికి సంభావ్యత వెయిట్లు వేసి తీసిన, ఏ పక్కకీ మొగ్గని సగటు. తుఫాను బేస్‌లోనూ ఉండి డౌన్‌సైడ్‌లోనూ ఉంటే నిజంగానే ప్రొవిజన్ అవసరానికి మించి పెరుగుతుంది, అదీ తప్పే. చాలామంది ఆడిటర్లు ఈ సమాధానం దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే సమాధానం సరైనది.

ఆగకుండా ఇంకో పేజీ తిప్పితే సినారియో వెయిట్ల షీట్ ఉంటుంది. పోయిన ఏడాది బేస్‌కి 60, అప్‌సైడ్‌కి 15, డౌన్‌సైడ్‌కి 25. ఈ ఏడాది 60, 25, 15. అంటే తుఫాను ఏళ్ళని బేస్ నుంచి తీసి డౌన్‌సైడ్‌లో పెట్టామని చెప్పిన ఏడాదే డౌన్‌సైడ్ బరువు తగ్గించారు. సామాను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చామని చెప్పి రెండో గదికి సగం తలుపు మూసేసినట్టు. ఒక్కో షీట్ విడిగా చూస్తే ఇది కనపడదు, ఎల్‌జీడీ షీట్ ఒక అసిస్టెంట్ చూసి వెయిట్ల షీట్ ఇంకో అసిస్టెంట్ చూస్తే అస్సలు కనపడదు. వెయిట్ల మార్పు వల్ల తగ్గిన ప్రొవిజన్ 22 లక్షలు మాత్రమే. పన్నుకి ముందు లాభం 9 కోట్లు, ఎంత దాటితే తప్పుని పెద్దదిగా చూడాలన్న గీత, అంటే ఆడిట్ మెటీరియాలిటీ, దానిలో 5 శాతం చొప్పున 45 లక్షలు, కాబట్టి 22 లక్షల్ని "బిలో మెటీరియాలిటీ, పాస్" అని రాసేసే అవకాశం చాలా ఎక్కువ.

మూడోది ఇంకా చిన్నది, కానీ ఈ ప్రాంతం తెలిసినవాళ్ళే పట్టుకోగలిగేది. స్టేజ్ 2లో ఉన్న లోన్ బకాయి కట్టేశాక వెంటనే స్టేజ్ 1కి రాదు, కొన్నాళ్ళు బుద్ధిగా కట్టి చూపించాలి. దాన్ని క్యూర్ పీరియడ్ అంటారు. కంపెనీ దాన్ని ఆరు నెలల నుంచి మూడు నెలలకి తగ్గించింది, "ఇండస్ట్రీలో అందరూ మూడే పెడుతున్నారు" అని. దీనివల్ల 3 కోట్ల లోన్లు స్టేజ్ 2 నుంచి స్టేజ్ 1కి వెళ్ళాయి, ప్రొవిజన్ 16 లక్షలు తగ్గింది. నెలనెలా ఈఎంఐ కట్టే బైక్ లోన్‌కైతే మూడు నెలలంటే మూడు కిస్తీలు, ఫర్వాలేదు. కానీ ఇక్కడి ట్రాక్టర్ లోన్లలో చాలావాటికి కిస్తీ ఆర్నెల్లకోసారి, డిసెంబర్ 15, జూన్ 15. ఒక రైతు పాత బకాయీ, డిసెంబర్ కిస్తీ కలిపి డిసెంబర్ 28న కట్టాడనుకోండి, మార్చి 28కి మూడు నెలలు నిండాయి, మార్చి 31న స్టేజ్ 1. ఈ మూడు నెలల్లో ఆయన కట్టాల్సిన కిస్తీ ఒక్కటి కూడా లేదు! ఏ పరీక్షా పెట్టకుండానే పాసైపోయాడు. దీన్ని పట్టుకోవాలంటే క్యూర్ అయిన అకౌంట్లలో పాతిక తీసి, రీపేమెంట్ షెడ్యూల్ పక్కన పెట్టి, క్యూర్ కాలంలో ఎన్ని కిస్తీలు డ్యూ అయ్యాయో లెక్కపెడితే చాలు, అరపూట పని.

ఇప్పుడు మూడింటినీ ఒక కాగితం మీద రాయాలి. అంచనాల ఆడిట్‌కి ఉన్న స్టాండర్డ్ ఎస్‌ఏ 540లో, మేనేజ్‌మెంట్ బయాస్, అంటే అంచనాలు ఒక పక్కకే మొగ్గుతున్న సూచనలు ఉన్నాయేమో చూడమన్నది నిజానికి ఈ కాగితంతోనే తేలుతుంది: ఏ ఊహ మారింది, పోయిన ఏడాది ఎంత, ఈ ఏడాది ఎంత, ఎటు వైపు మారింది, లాభం మీద ప్రభావం ఎంత. ఎల్‌జీడీ 38 నుంచి 30కి, లాభం పెరిగింది 1 కోటి 66 లక్షలు. వెయిట్లు 22 లక్షలు. క్యూర్ 16 లక్షలు. మూడూ ఒకే వైపు. కలిపితే 2 కోట్ల 4 లక్షలు. పోయిన ఏడాది పద్ధతే వాడి ఉంటే ఈ ఏడాది లాభం 9 కోట్లు కాదు, 7 కోట్లకి కొంచెం తక్కువ. పోయిన ఏడాది లాభం ఎనిమిదిన్నర. పెరిగిందని చూపించిన లాభం నిజానికి తగ్గింది, ఆ తగ్గుదలని మింగేసింది ఎస్టిమేటే. మార్పు ఉన్నంత మాత్రాన బయాస్ అనలేం, డేటా మారితే అంచనా మారాలి, మారకపోతేనే అనుమానించాలి. కానీ ఏడాదిలో పైకి మార్చాల్సిన ఊహ ఒక్కటైనా దొరకలేదా అన్న ప్రశ్నకి సమాధానం కావాలి కదా.

అలా పైకి మార్చాల్సినది ఒకటి గుణుపూర్ యార్డులో ఉంది. సీజ్ చేసిన బళ్ళని పెట్టే స్థలం. ఆడిటర్లు ఇక్కడికి రారు, హెడాఫీసులో కూర్చుని యార్డు లిస్టు మెయిల్‌లో తెప్పించుకుంటారు, అదే పెద్ద తప్పు. గేటు దాటగానే కుడివైపు వరసలో ఉన్న ఒక ట్రాక్టర్‌కి బ్యాటరీ లేదు, ముందు టైర్లు రెండూ అరిగిపోయినవి బిగించి ఉన్నాయి, స్టీరింగ్ చుట్టూ తీగ అల్లుకుంది. కాపలా ఉన్న ముసలాయన్ని ఇది వచ్చి ఎన్నాళ్ళయిందని అడిగితే, "రెండు వానాకాలాలు అయిపోనాయి బాబూ" అంటాడు. కంపెనీ మోడల్‌లో సీజ్ నుంచి అమ్మకానికి పట్టే టైమ్ ఆరు నెలలు. పాత ఏళ్ళలో అది దాదాపు నిజమే, ఈమధ్య యార్డు నిండిపోయి, సెకండ్ హ్యాండ్ బళ్ళకి గిరాకీ పడిపోయి, ఒరిజినల్ కాగితాలు దొరక్క సగటున పద్నాలుగు నెలలు పడుతోంది, గేటు రిజిస్టర్‌లో లోపలికి వచ్చిన తేదీ, బయటికెళ్ళిన తేదీ రెండూ ఉంటాయి కాబట్టి ఇది ఊహ కాదు, లెక్క.

టైమ్‌కి ఇంత గొడవెందుకంటే, నష్టాన్ని లెక్కేసేటప్పుడు రాబోయే డబ్బుని లోన్ అసలు వడ్డీ రేటుతో ఇవాళ్టి విలువకి తగ్గించాలి. ఒక ట్రాక్టర్ తీసుకుందాం. డిఫాల్ట్ అయ్యేటప్పటికి బాకీ 5 లక్షలు, వడ్డీ రేటు 18 శాతం. వేలంలో 3,90,000 వచ్చింది, సీజింగ్ ఏజెంట్‌కీ, లారీకీ, యార్డు అద్దెకీ 30,000 పోతే చేతికొచ్చింది 3,60,000. ఆరు నెలల్లో వచ్చిందనుకుంటే దాని విలువ సుమారు 3,31,000, నష్టం 34 శాతం. పద్నాలుగు నెలలకి వచ్చిందంటే విలువ సుమారు 2,97,000, నష్టం దాదాపు 41 శాతం. అమ్మిన రేటు అదే, ఖర్చులు అవే, తేదీ ఒక్కటి మారితే ఏడు పాయింట్లు. పైగా మోడల్‌లోకి వచ్చేది అమ్ముడుపోయిన బళ్ళ డేటా మాత్రమే. బాగున్నవి ముందు అమ్ముడుపోతాయి, తీగ అల్లుకున్నవి మిగిలిపోతాయి. ఇంక ఒడిశాలో రిజిస్టరై సరిహద్దు దాటి పాతపట్నం వైపో కొత్తూరు వైపో పొలాల్లో తిరుగుతూ దొరకని బళ్ళైతే యార్డు రిజిస్టర్‌లోకే రావు. వాటిని స్టేజ్ 3 లిస్టులో బండి సీజ్ కాని పాత అకౌంట్ల దగ్గర వెతకాలి.

ఇవన్నీ పెట్టుకుని ఆడిటర్ తన రేంజ్ తను వేసుకోవాలి. ఏడేళ్ళూ ఉంచి, అమ్మకం టైమ్ మళ్ళీ త్వరగా ఆరు నెలలకి వచ్చేస్తుందనుకుంటే ఎల్‌జీడీ 38. పద్నాలుగు నెలలు అలాగే ఉంటుందనుకుంటే 45. ప్రొవిజన్ లెక్కన 7 కోట్ల 90 లక్షల నుంచి 9 కోట్ల 36 లక్షల వరకు. రేంజ్ వెడల్పే కోటిన్నర, మెటీరియాలిటీకి మూడింతలు, అది ఆడిటర్ చేతకానితనం కాదు, ఈ అంచనాలో ఉన్న అనిశ్చితే అంత, అందుకే దీన్ని సిగ్నిఫికెంట్ రిస్క్‌గా తీసుకోవాలి. కంపెనీ 6.24 ఈ రేంజ్ బయట ఉంది. ఇలాంటప్పుడు మిస్‌స్టేట్‌మెంట్ కనీసం రేంజ్ దగ్గరి అంచుకీ కంపెనీ అంకెకీ మధ్య తేడా, అంటే 1 కోటి 66 లక్షలు. మధ్య బిందువుకి కాదు, దగ్గరి అంచుకి.

ఈ దశలో మీటింగ్‌లో రెండు మాటలు తప్పకుండా వస్తాయి. మొదటిది "ఆర్‌బీఐ రూల్ ప్రకారమైతే 2 కోట్లు కూడా అక్కర్లేదు, మేం మూడింతలు పెట్టాం, ఇంకేం కావాలి" అని. స్టేజ్ 3 మొత్తం మొండిబాకీల్లో మొదటి మెట్టయిన సబ్‌స్టాండర్డే అనుకుని 10 శాతం, మిగతా వాటికి 0.4 శాతం వేస్తే నిజంగానే 1 కోటి 95 లక్షలే వస్తుంది. కానీ 2020 మార్చి 13 ఆర్‌బీఐ సర్క్యులర్‌లో ఆ పోలిక ఉన్నది ఈసీఎల్ దానికన్నా తగ్గితే తేడాని ఇంపెయిర్‌మెంట్ రిజర్వ్‌లో పెట్టించడానికి, ఈసీఎల్ సరిపోయిందని సర్టిఫికెట్ ఇవ్వడానికి కాదు. అదే సర్క్యులర్ స్టేజ్ 2ని 30 రోజుల దగ్గర గుర్తించకపోతే కారణం రాసి ఆడిట్ కమిటీ ముందు పెట్టమంటుంది, ఎట్టి పరిస్థితుల్లోనూ 60 దాటి ఆపొద్దంటుంది, ఆ పేజీ మాత్రం మీటింగ్‌కి ఎవరూ తీసుకురారు.

రెండో మాట అసలైనది. "సరే, 38 పెట్టేస్తాం, 7 కోట్ల 90 లక్షలు, మీ రేంజ్‌లోకి వచ్చేశాం కదా." ఇక్కడే చాలా ఫైళ్ళు మూతపడతాయి. అంకెపరంగా చూస్తే మిస్‌స్టేట్‌మెంట్ లేదు. కానీ ఆ అంకె ఎలా వచ్చింది? మేనేజ్‌మెంట్ డేటా చూసి 38కి రాలేదు, ఆడిటర్ రేంజ్ చూసి అంచుకి వచ్చింది. సంతలో బేరం పద్ధతి అది. అందుకే ఆడిటర్ తన రేంజ్‌ని ముందే మీటింగ్‌లో బయటపెట్టకూడదు, మీ 38కి మీ ఆధారం చూపించండి అని అడగాలి. ఆధారం ఉందంటే, అమ్మకం టైమ్ ఆరు నెలలకి తిరిగొస్తుందనడానికి కారణం ఏంటి, కొత్త వేలం ఏజెన్సీ పెట్టారా, యార్డు ఖాళీ అవుతోందా, ఇవి కావాలి. "మేనేజ్‌మెంట్ అభిప్రాయం" అని రాసిచ్చే రిప్రజెంటేషన్ లెటర్ ఒక్కదాంతో సరిపోదు.

దీన్ని తేల్చే సాక్ష్యం మార్చి 31 తర్వాత వస్తుంది. ఆడిట్ రిపోర్ట్ మే మూడో వారంలో సంతకమవుతుందనుకుంటే, ఏప్రిల్ ఒకటి నుంచి అప్పటి దాకా యార్డు నుంచి వెళ్ళిన బళ్ళని తెప్పించి చూడాలి. మన ఊహా కంపెనీలో తొమ్మిది అమ్ముడుపోయాయి, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో డబ్బు పడిన తేదీతో, ఖర్చులు తీసి, డిస్కౌంట్ చేసి చూస్తే సగటు నష్టం 43 శాతం. తొమ్మిదే కదా, చిన్న శాంపిల్ అంటారు, నిజమే. కానీ ఏప్రిల్, మే అంటే ఖరీఫ్ దుక్కులకి ముందు, పాత ట్రాక్టర్‌కి ఏడాదిలో కాస్త మంచి రేటు పలికే కాలం, అమ్ముడుపోయినవి వరసలో బాగున్నవి. మంచి కాలంలో మంచి బళ్ళకే 43 అయితే మిగిలినవాటికి 38 అని ఎలా నమ్మడం? రేంజ్ కింది అంచు 38 దగ్గర నిలబడదు, 41కి జరుగుతుంది. అప్పుడు కనీసం 8 కోట్ల 53 లక్షలు కావాలి, కంపెనీ ఒప్పుకున్న 7.90కి తేడా 63 లక్షలు, మెటీరియాలిటీ దాటింది.

ఇక మిగిలింది ఆ 63 లక్షలతో పాటు వెయిట్ల 22, క్యూర్ 16 కూడా ఒకే షీట్‌లో పెట్టి ఆడిట్ కమిటీ ముందుకి తీసుకెళ్ళడం. చిన్నవి అని విడగొట్టి వదిలెయ్యకుండా కలిపే చూపించాలి, మూడూ ఒకే వైపు మొగ్గాయన్న కాలమ్‌తో సహా. సరిచెయ్యమంటే చేస్తారు, లేదంటే ఈ అంకెతో ఒప్పుకోవట్లేదని రిపోర్ట్‌లో రాసే క్వాలిఫికేషన్ దాకా వెళ్తుంది. చేసినా సరే, వచ్చే మార్చికి ఫైల్‌లో ఒక చీటీ పెట్టుకోవాలి: గుణుపూర్ యార్డులో కుడివైపు వరస, బ్యాటరీ లేని బండి, ఎంతకి పోయిందో, ఎప్పుడు పోయిందో చూడాలని.